మూడు వాక్యాల్లో టెస్ట్ లీడ్

ఏడెనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నవారి రెజ్యూమే ఎక్కువగా మూడు నాలుగు పేజీలకు పెరిగి ఉంటుంది. ప్రాజెక్టుల పేర్లు, టూల్స్ పట్టిక, ఒక్కో ప్రాజెక్టు కింద పది పన్నెండు పాయింట్లు. వీటన్నిటి పైన, పేరు కిందే, ప్రొఫెషనల్ సమ్మరీ అని మూడు వరుసలు. చాలామంది వాటిని చివర్లో, అప్‌లోడ్ చేసే ముందు రాసేస్తారు. టెస్టర్‌గానే మరో కంపెనీకి మారేవారికి దానివల్ల పెద్ద నష్టం లేదు. టెస్ట్ లీడ్ పదవికి వెళ్లాలనుకునేవారికి మాత్రం ఉంది. కింది పేజీలన్నీ ఇంతవరకు చేసిన పని చెబుతాయి. ఇకపై చేయబోయే పనికి ఈ మనిషి సరిపోతారని చెప్పగలిగిన చోటు ఆ మూడు వరుసలే.

ముందు చూసేది ఎవరు?

రెజ్యూమేను మొదట చదివేది చాలాసార్లు మనిషి కాదు, కంపెనీలు వాడే రిక్రూట్‌మెంట్ సాఫ్ట్‌వేర్. అది ఫైల్‌లోని అక్షరాలను బయటికి తీసి పేరు, హోదా, సంవత్సరాలు, నైపుణ్యాలు అనే గళ్లలో సర్దుతుంది. ఆ తర్వాత రిక్రూటర్ తనకు కావలసిన మాటలతో వెతుకుతారు. టెస్ట్ లీడ్ ఖాళీ కోసం వెతికేవారు సెర్చ్ బాక్సులో టైప్ చేసేది దాదాపు ఇలా ఉంటుంది:

```
"test lead" AND (selenium OR playwright) AND "api testing"
```

కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న మాట రెజ్యూమేలో అచ్చంగా అలాగే ఉంటేనే ఇలాంటి వెతుకులాటకు దొరుకుతుంది. ఇప్పటి హోదా సీనియర్ టెస్ట్ ఇంజనీర్ అయినవారి ఫైల్‌లో టెస్ట్ లీడ్ అనే మాట ఎక్కడా లేకపోతే, ఆ పని రెండేళ్లుగా చేస్తున్నా, వారి పేరు ఆ జాబితాలోకి రాకపోవచ్చు. లేని హోదాను ఉందని రాసుకోకూడదు. కానీ టెస్ట్ లీడ్ బాధ్యత కోరుకుంటున్నానని సమ్మరీలో రాయడం పూర్తిగా నిజాయితీ గల మాట. వెతుకులాటలో ఆ మాట దొరకడానికి అది చాలు.

మనిషి చూసేది ఆ తర్వాత. లాడర్స్ అనే అమెరికా ఉద్యోగ వెబ్‌సైట్ 2012లో రిక్రూటర్ల కంటి కదలికలను రికార్డు చేసి, ఒక రెజ్యూమేపై తొలి చూపు సగటున 6 సెకన్లని ప్రకటించింది. 2018లో మళ్లీ కొలిచినప్పుడు అది 7.4 సెకన్లుగా తేలింది. ఉద్యోగాల వ్యాపారంలో ఉన్న సంస్థ చేసిన పరిశీలన కాబట్టి ఆ అంకెను పట్టుకుని వేలాడనక్కర్లేదు. పైగా అది పక్కన పెట్టాలా, ఉంచాలా అనే తొలి వడపోత మాత్రమే. నింపాదిగా చదవడం తర్వాత జరుగుతుంది. అయినా రాసేవారికి ఇందులో ఒక సూచన ఉంది. ఆ కొద్ది క్షణాల్లో కన్ను ఎక్కువగా ఆగేది పేజీ పైభాగంలో, ప్రతి వరుస మొదట్లో. అందుకే వాక్యం మొదటి నాలుగైదు మాటల్లోనే అసలు విషయం ఉండాలి.

లీడ్ చేసే పని ఏమిటి?

సమ్మరీలో ఏం రాయాలో తేలాలంటే ముందు రెండు ఉద్యోగాల మధ్య తేడా తేలాలి. ఐఎస్‌టీక్యూబీ అనే అంతర్జాతీయ టెస్టింగ్ అర్హతల మండలి 2023లో విడుదల చేసిన ఫౌండేషన్ స్థాయి సిలబస్ నాలుగో వెర్షన్‌లో టెస్టింగ్ పనిని రెండు పాత్రలుగా విడదీసింది. మొదటిది టెస్టింగ్ పాత్ర. ఏది పరీక్షించాలో విశ్లేషించడం, టెస్ట్ కేసులు రాయడం, నడపడం వంటివి దీని కిందికి వస్తాయి. రెండోది టెస్ట్ మేనేజ్‌మెంట్ పాత్ర. ప్రణాళిక వేయడం, పని ఎలా సాగుతోందో గమనించి దారి మళ్లించడం, చివర్లో ముగింపు పనులు చూడటం దీని బాధ్యత. ఇవి పాత్రలే తప్ప హోదాలు కావని ఆ సిలబస్ చదివితే అర్థమవుతుంది. ఒకే మనిషి రెండు పాత్రలూ పోషించవచ్చు. అజైల్ జట్లలో మేనేజ్‌మెంట్ పనుల్లో కొన్నిటిని జట్టే పంచుకోవచ్చు.

కెరీర్ మధ్యలో ఉన్న టెస్టర్‌కు ఇది చాలా పనికొచ్చే విషయం. విజిటింగ్ కార్డు మీద లీడ్ అని లేకపోయినా రెండో పాత్రలోని పనులు కొన్ని అప్పటికే చేసి ఉంటారు. వాటిని గుర్తుపట్టడానికి ఒక దారి ఉంది. టెస్టర్‌ను అడిగేది ‘ఈ ఫీచర్ సరిగ్గా పనిచేస్తోందా?’ అని. లీడ్‌ను అడిగేది ‘నాలుగు రోజులే ఉన్నాయి, ముగ్గురే ఉన్నారు, ఏది చూద్దాం, ఏది వదిలేద్దాం? రేపు రిలీజ్ చేస్తే ఏ ముప్పు మిగులుతుంది?’ అని. ఈ రెండో రకం ప్రశ్నకు మీరు జవాబు చెప్పిన సందర్భాలే సమ్మరీకి ముడిసరుకు. టూల్స్ ఎన్ని వచ్చు, ఎన్ని టెస్ట్ కేసులు నడిపారు అనేవి మొదటి ప్రశ్నకు జవాబులు. వాటి చోటు కింది పేజీల్లో.

ఒక నమూనా

వివరంగా చూడటానికి ఒక నమూనా తీసుకుందాం. హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఒక సీనియర్ టెస్ట్ ఇంజనీర్. ఎనిమిదేళ్ల అనుభవం, అందులో చివరి ఐదేళ్లు ఆరోగ్య బీమా క్లెయిముల సాఫ్ట్‌వేర్‌లో. నలుగురి టెస్టింగ్ జట్టులో ఆమె ఒకరు. ఆమె ప్రస్తుత సమ్మరీ ఇలా ఉంది. రెజ్యూమేలో ఇది ఇంగ్లీషులో ఉంటుంది, దాని సారం తెలుగులో:

‘సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఎనిమిదేళ్లకు పైగా అనుభవం. మాన్యువల్, ఆటోమేషన్, ఏపీఐ, డేటాబేస్ టెస్టింగ్‌లలో మంచి పట్టు. కష్టపడే స్వభావం, జట్టుతో కలిసిపోయే గుణం, కొత్త విషయాలు త్వరగా నేర్చుకునే ఉత్సాహం కలవారు.’

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ పైనున్న పేరు తీసేసి పక్క సీటులోని సహోద్యోగి పేరు పెట్టినా సరిగ్గా సరిపోతుంది. మూడో వాక్యాన్ని ఎవరూ నిరూపించలేరు, కాదనలేరు. రెండో వాక్యం కింది టూల్స్ పట్టికలో ఎలాగూ ఉంది. మిగిలింది ఎనిమిదేళ్లనే అంకె ఒక్కటే. అది ఆమె ఎంతకాలం పనిచేశారో చెబుతుంది గానీ ఏం నిర్ణయించారో చెప్పదు.

ఆ కాలంలో జరిగింది ఏమిటో ఆమెను అడిగితే అసలు కథ బయటికొస్తుంది. ప్రతి రిలీజ్‌కు ముందు జట్టు 1,240 రిగ్రెషన్ టెస్ట్ కేసులు నడిపేది. నలుగురికి ఆరు రోజులు పట్టేది. ఆమె ఒకసారి కూర్చుని ఆ కేసులను ముప్పును బట్టి వరుసలో పెట్టారు. చెల్లింపు మొత్తం లెక్క, పాలసీదారుకు అర్హత ఉందా లేదా అనే తనిఖీ, ఒకే బిల్లుకు రెండుసార్లు చెల్లింపు జరగకుండా ఆపే నియమం వంటివాటికి సంబంధించిన 310 కేసులు ప్రతి రిలీజ్‌కూ తప్పనిసరి అన్నారు. వాటిలో 240ని సెలీనియంతో ఆటోమేట్ చేశారు. మిగతా కేసుల్లో, ఆ రిలీజ్‌లో మారిన కోడ్‌కు సంబంధం ఉన్నవే నడపాలని ప్రతిపాదించి ప్రొడక్ట్ ఓనర్‌ను ఒప్పించారు. ఆరు రోజుల పని రెండు రోజులకు వచ్చింది.

లీడ్ పని అంటే ఇదే. ఏది వదిలేయాలో ఆమె తేల్చారు, దాని ముప్పేమిటో పైవారికి చెప్పారు, ఒప్పించారు. పాత సమ్మరీలో ఈ విషయం ఒక్క ముక్క కూడా లేదు.

అంకెను నమ్మవచ్చా?

‘రిగ్రెషన్ సమయాన్ని ఆరు రోజుల నుంచి రెండు రోజులకు తగ్గించాను’ అని రాస్తే బాగానే కనిపిస్తుంది. కానీ అనుభవం ఉన్న టెస్ట్ మేనేజర్ చదివిన వెంటనే ఒక అనుమానం వస్తుంది. టెస్టులు తగ్గిస్తే సమయం ఎలాగైనా తగ్గుతుంది కదా? వదిలేసిన కేసుల వెనకాల లోపాలు జారిపోయి కస్టమర్ దగ్గర బయటపడ్డాయేమో? ఈ అనుమానం తీరాలంటే వేగం చెప్పే అంకె పక్కనే నాణ్యత చెప్పే అంకె ఉండాలి. టెస్టింగ్‌లో దీనికి వాడుకలో ఉన్న కొలత డిఫెక్ట్ లీకేజీ. మొత్తం లోపాల్లో ఎన్ని టెస్టింగ్‌ను దాటి ప్రొడక్షన్‌కు చేరాయన్నది ఇది చెబుతుంది.

```
లీకేజీ % = ప్రొడక్షన్‌లో దొరికినవి ÷ (టెస్టింగ్‌లో దొరికినవి + ప్రొడక్షన్‌లో దొరికినవి) × 100
```

మన నమూనాలో మార్పుకు ముందు నాలుగు రిలీజ్‌లలో టెస్టింగ్‌లో 188 లోపాలు, ప్రొడక్షన్‌లో 22 దొరికాయనుకుందాం. 22ని 210తో భాగిస్తే లీకేజీ 10.5 శాతం. మార్పు తర్వాత నాలుగు రిలీజ్‌లలో టెస్టింగ్‌లో 206, ప్రొడక్షన్‌లో 9. తొమ్మిదిని 215తో భాగిస్తే 4.2 శాతం. సమయం మూడో వంతుకు తగ్గింది, జారిపోయిన లోపాలు సగానికి పైగా తగ్గాయి. ఒకటి రెండోదానికి సాక్ష్యంగా నిలబడింది. వేగం, లీకేజీ రెండూ ఒకే వాక్యంలో ఉన్న సమ్మరీ లీడ్ ఆలోచనను చూపిస్తుంది. ఒకటే ఉంటే సగం మాటే చెప్పినట్టు.

అయితే ఈ శాతం మోసం చేయగలదు. ప్రొడక్షన్‌లో దొరికినవి 22 దగ్గరే ఉండి, టెస్టింగ్‌లో అక్షరదోషాలు, రంగుల తేడాలు అన్నీ విడివిడిగా నమోదు చేసి 188ని 418 చేశారనుకోండి. 22ని 440తో భాగిస్తే లీకేజీ 5 శాతం. కస్టమర్‌కు ఏమీ మారలేదు, శాతం మాత్రం సగమైంది. ఈ కిటుకు ఇంటర్వ్యూ చేసే మేనేజర్లకు తెలుసు. అందుకే సమ్మరీలో శాతం కన్నా ప్రొడక్షన్ లోపాలు ఎంత తగ్గాయో నేరుగా రాయడం మేలు.

పోల్చేటప్పుడు మూడు విషయాలు సమానంగా ఉండాలి. ముందూ వెనకా ఒకే గడువు తీసుకోవాలి, అంటే రిలీజ్ అయిన 30 రోజుల్లో వచ్చిన లోపాలనే రెండు వైపులా లెక్కించాలి. తీవ్రత కొలమానం మారకూడదు. రిలీజ్‌ల పరిమాణం కూడా ఇంచుమించు ఒకేలా ఉండాలి. చిన్న రిలీజ్‌లో లోపాలు తక్కువగా రావడంలో ఎవరి గొప్పా లేదు. ఒక్క రిలీజ్‌ను మరో రిలీజ్‌తో పోల్చి గెలుపు చాటుకోవడమూ ప్రమాదమే. ఐదు లోపాలు రెండుకు తగ్గితే అది యాదృచ్ఛికం కావచ్చు, తర్వాతి రిలీజ్‌లో మళ్లీ ఐదు రావచ్చు. నాలుగేసి రిలీజ్‌లు కలిపి చూసినప్పుడు 22కి, 9కి మధ్య తేడా అలా సులువుగా కొట్టిపారేసేది కాదు.

ఇంకొకటి కూడా నిక్కచ్చిగా చూసుకోవాలి. అదే సమయంలో డెవలపర్లు కోడ్ రివ్యూ కొత్తగా మొదలుపెట్టి ఉంటే తగ్గుదలంతా టెస్టర్ వల్లే వచ్చిందనలేం. అప్పుడు ‘తగ్గించాను’ అని రాయకూడదు. ‘అదే కాలంలో తగ్గాయి’ అని రాయాలి. మాట కాస్త మెత్తబడుతుంది, కానీ ఎంత గుచ్చి అడిగినా నిలబడుతుంది.

ఇప్పుడు మూడు వాక్యాలు

ఒక్కో వాక్యానికి ఒక్కో పని. మొదటిది నేనెవరు, ఎటు వెళ్తున్నాను. రెండోది నేను తీసుకున్న ఒక నిర్ణయం, దాని ఫలితం. మూడోది మనుషులతో, పైవారితో నేను చేసే పని. ఇంగ్లీషులో ఒక్కో వాక్యం ఇరవై పదాలకు అటూ ఇటూగా ఉంటే పేజీ మీద మూడు నాలుగు వరుసల్లో ఒదుగుతుంది. మన నమూనా టెస్టర్ కొత్త సమ్మరీ సారం ఇది:

‘సీనియర్ టెస్ట్ ఇంజనీర్, ఎనిమిదేళ్ల అనుభవం, అందులో ఐదేళ్లు ఆరోగ్య బీమా క్లెయిముల్లో, టెస్ట్ లీడ్ బాధ్యత కోరుకుంటున్నాను.

1,240 రిగ్రెషన్ కేసులను ముప్పును బట్టి వర్గీకరించి ఆరు రోజుల పనిని రెండు రోజులకు తెచ్చాను, అదే కాలంలో, నాలుగు రిలీజ్‌ల మీద, ప్రొడక్షన్ లోపాలు సగానికి పైగా తగ్గాయి.

ఇద్దరు జూనియర్ల టెస్ట్ కేసులు సమీక్షిస్తాను, లోపాల ట్రయాజ్ సమావేశం నడుపుతాను, రిలీజ్‌కు ముందు మిగిలిన ముప్పును ప్రొడక్ట్ ఓనర్‌కు వివరిస్తాను. సెలీనియం, ఏపీఐ టెస్టింగ్, ఎస్‌క్యూఎల్.’

మొదటి వాక్యంలో ‘ఎనిమిదేళ్లకు పైగా’ అనే నీళ్ల మాట పోయి, ఏ రంగంలో ఎన్నేళ్లో వచ్చింది. క్లెయిముల సాఫ్ట్‌వేర్ తెలిసిన లీడ్ కోసం వెతికేవారికి ఆ ఐదేళ్లు మొత్తం ఎనిమిదేళ్ల కన్నా విలువైనవి. టెస్ట్ లీడ్ అనే మాట కోరికగానే ఉంది, హోదాగా లేదు.

రెండో వాక్యంలో లోపాల అసలు సంఖ్య లేదు. ‘22 నుంచి 9’ అని రాస్తే ఇంకా గట్టిగా ఉండేది. కానీ కంపెనీ ఉత్పత్తిలో ఎన్ని లోపాలు బయటపడ్డాయన్నది బయటివారికి చెప్పకూడని సమాచారం కావచ్చు, చాలామంది చేరేటప్పుడే గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటారు. క్లయింటు పేరు, లోపాల అసలు లెక్కలు వదిలేసి నిష్పత్తి మాత్రమే చెప్పడం క్షేమం. టెస్ట్ కేసుల సంఖ్య విషయంలో కూడా అనుమానం ఉంటే వెయ్యికి పైగా అంటే సరిపోతుంది.

మూడో వాక్యంలో ‘జట్టుకు నాయకత్వం వహించాను’ అన్న మాట కావాలనే లేదు. ఆ మాట రాస్తే ఇంటర్వ్యూలో వచ్చే ప్రశ్నలు ముందే ఊహించవచ్చు. పని ఎవరు కేటాయించేవారు? సెలవులు ఎవరు మంజూరు చేసేవారు? అప్రైజల్‌లో మీ మాటకు విలువ ఉండేదా? మొదటి రెండింటికీ వేరొకరని, మూడోదానికి లేదని జవాబైతే, నిజంగా చేసిన మంచి పని మీద కూడా అనుమానం పడుతుంది. సమీక్షించడం, సమావేశం నడపడం, ముప్పు వివరించడం మాత్రం ఆమె నిజంగా చేసిన పనులు. హోదా పేరు ఏదైనా అవి టెస్ట్ మేనేజ్‌మెంట్ పాత్రలోవే. చివర్లో టూల్స్, నైపుణ్యాల పేర్లు మూడే ఉన్నాయి. అవి వెతుకులాటకు దొరకడానికి. మిగతావి కింద నైపుణ్యాల పట్టికలో ఉంటే చాలు.

ప్రకటన మారితే ఏం మార్చాలి?

ప్రతి ఉద్యోగానికీ మూడు వాక్యాలూ తిరగరాయనక్కర్లేదు. రెండో వాక్యం మీ రుజువు కనుక దాదాపు కదలదు. మొదటి వాక్యంలో రంగం, మూడో వాక్యంలో పనులు మాత్రం ప్రకటనను బట్టి మారతాయి. సర్వీసెస్ కంపెనీ ప్రకటనలో క్లయింటుకు నివేదికలు, పని అంచనాలు, ఇతర దేశాల జట్లతో సమన్వయం అని ఉంటే, మీరు చేసినవాటిలో ఆ పనులు ముందుకు రావాలి. ప్రొడక్ట్ కంపెనీ ప్రకటనలో ప్రతి కోడ్ మార్పుతో పాటు టెస్టులు వాటంతటవే నడిచే పైప్‌లైన్ గురించి ఎక్కువగా రాసి ఉంటే, ఆ 240 ఆటోమేటెడ్ కేసులు అందులో ఎలా నడుస్తున్నాయో చెప్పాలి. ప్రకటనలో రెండు మూడుసార్లు వచ్చిన పని ఏదో గుర్తించండి. మీరు నిజంగా చేసినదైతేనే రాయండి.

పంపే ముందు పరీక్ష

టెస్టర్లకు ఇది కొత్త కాదు. రాసినదాన్ని కూడా ఒక బిల్డ్‌లాగే పరీక్షించాలి. మొదట పీడీఎఫ్‌ను తెరిచి అంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. సమ్మరీ మాయమైనా, వరుసలు చిందరవందరైనా, కారణం చాలాసార్లు దాన్ని టెక్స్ట్ బాక్సులోనో, రెండు కాలమ్‌ల డిజైన్‌లోనో, బొమ్మగానో పెట్టడమే. రిక్రూట్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌కూ అది అలాగే కనిపించే ప్రమాదం ఉంది. మామూలు పేరాగా మార్చేయండి.

తర్వాత, ప్రతి వాక్యం పక్కన ‘ఎలా తెలుసు?’ అని రాసుకుని రెండు నిమిషాల్లో జవాబు చెప్పి చూడండి. లెక్క ఎక్కడిది, ఎంత గడువు, మీ వాటా ఎంత, మిగతావారిది ఎంత అన్నవి తడుముకోకుండా రావాలి. జవాబు రాని మాటను తీసేయండి, ఎంత అందంగా ఉన్నా సరే.

చివరి పరీక్ష ఇంటర్వ్యూ గదిలోనే జరుగుతుంది. మొదటి పది నిమిషాలూ ప్రశ్నలన్నీ లొకేటర్ల మీద, టూల్ వెర్షన్ల మీదే వస్తుంటే మీ సమ్మరీ మిమ్మల్ని ఇంకా టెస్టర్‌గానే పరిచయం చేస్తోందేమో చూసుకోవాలి. ‘ఏ కేసులు వదిలేశారు? ఎందుకు? ప్రొడక్ట్ ఓనర్ ఎలా ఒప్పుకున్నారు?’ అని అడిగితే అది లీడ్‌గా పరిచయం చేసింది. రెండు మూడు ఇంటర్వ్యూల తర్వాత కూడా మొదటి రకం ప్రశ్నలే వస్తే రెండో వాక్యాన్ని మళ్లీ రాయండి. లోపం ఎక్కువగా అక్కడే ఉంటుంది.

ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద అడ్డంకి భాష కాదు, లెక్కలు లేకపోవడం. కంపెనీ మారాలనుకున్నాక రెండేళ్ల కిందటి రిలీజ్‌లో ఎన్ని లోపాలు జారిపోయాయో ఎవరికీ గుర్తుండదు, తవ్వి తీసే అవకాశమూ ఉండకపోవచ్చు. కాబట్టి లీడ్ కావాలని మనసులో ఉన్నవారు ఉద్యోగం వెతకడానికి ఏడాది ముందే మొదలుపెట్టండి. ప్రతి రిలీజ్ ముగిసిన 30 రోజులకు నాలుగు విషయాలు గుర్తుంచుకునేలా క్లుప్తంగా నమోదు చేసుకోండి: టెస్టింగ్‌కు పట్టిన రోజులు, లోపాల తీరు, మీరు తీసుకున్న ఒక నిర్ణయం, దానికి ఒప్పుకున్నదెవరు. గోప్య సమాచారం మాత్రం ఆఫీసు దాటించకండి. నాలుగు రిలీజ్‌ల తర్వాత ఆ నమోదులే మీ సమ్మరీలో రెండో వాక్యమవుతాయి.